పర్ఫార్మెన్స్ గురించి మాట్లాడాలి, మెయిల్ చూసి మనిషి బెదిరిపోకూడదు. ఇన్వైట్ ఎలా పెట్టాలి?

ప్రశ్న: గచ్చిబౌలిలో ఒక సర్వీసెస్ కంపెనీలో కొత్తగా టీమ్ లీడ్ అయ్యాను. మా టెస్టర్ ఒకతను గత రెండు రిలీజుల్లో పాస్ అని పెట్టిన కేసుల్లోనే క్లయింట్‌కి బగ్స్ దొరికాయి. మా మేనేజర్ "కూర్చోబెట్టి మాట్లాడు, మెయిల్ పెట్టి పిలువు, రికార్డ్ ఉండాలి" అన్నారు. పోయిన నెల పక్క ప్రాజెక్ట్‌లో కొందరికి "క్విక్ కనెక్ట్" అని ఇన్వైట్ పెట్టి, ఆ మీటింగ్‌లోనే పంపించేశారు. అప్పట్నుంచి ఏ ఇన్వైట్ వచ్చినా ఫ్లోర్ మొత్తం వణుకుతోంది. అతను భయపడకూడదు, అలాగని నేను విషయం దాచినట్టూ ఉండకూడదు. మెయిల్ ఎలా రాయాలి? సీనియర్స్ ఎవరైనా చెప్పండి.

సమాధానం:

చాలా ఏళ్లుగా డెలివరీ వైపు ఉన్నా, ఇలాంటి మెయిల్స్ పంపించా, నాకూ వచ్చాయి. మెయిల్ సంగతికి వచ్చే ముందు ఒక పని చెప్తా, అది చెయ్యకుండా ఒక్క లైను కూడా టైప్ చెయ్యకండి. మీ మేనేజర్ దగ్గరికెళ్లి సూటిగా అడగండి, "ఇతని విషయంలో ఇప్పటికే ఏదైనా డిసైడ్ అయిందా, పనితీరు మెరుగుపరుచుకోమని గడువు పెట్టే పిఐపీ పేపర్ రెడీగా ఉందా, లేక నిజంగానే ఇది మొదటి మాటేనా" అని. ఎందుకంటే మీరు మెయిల్‌లో ఏ ధైర్యం ఇవ్వచ్చో ఏది ఇవ్వకూడదో దాని మీదే ఉంటుంది. పైన నిర్ణయం అయిపోయి ఉండి మీకు తెలియక మీరు "జస్ట్ మాట్లాడుకుందాం" అని రాశారనుకోండి, రెండు వారాల తర్వాత అతను అదే మెయిల్ తీసి మీ ముందు పెడతాడు, మిగతా టీమ్ కూడా చూస్తుంది.

ఇంకో విషయం కూడా ముందే తేల్చుకోవాలి. పాస్ అని పెట్టిన కేసులో బగ్ రావడం వేరు, కేసు రన్ చెయ్యకుండానే పాస్ అని పెట్టడం వేరు. మొదటిది పని నాణ్యత, మీరూ అతనూ కూర్చుని మాట్లాడుకునేది. రెండోది నిజమైతే అది పర్ఫార్మెన్స్ కాదు, తప్పుడు రికార్డ్ రాయడం కింద చూస్తారు, అది హెచ్ఆర్ ప్రాసెస్‌లోకి వెళ్లిపోతుంది, అక్కడ మీరు ముందుగా పంపిన మెయిల్ కూడా ఫైల్‌లో కాగితం అవుతుంది. టెస్ట్ మేనేజ్‌మెంట్ టూల్‌లో ప్రతి కేసు స్టేటస్ ఎప్పుడు మారిందో హిస్టరీ ఉంటుంది, అది చూడండి. నలభై కేసులు మూడు నిమిషాల్లో పాస్ అయినట్టు కనిపిస్తే గుండె ఝల్లుమంటుంది, కానీ అప్పుడే తీర్పు ఇచ్చెయ్యకండి, చాలామంది టెస్టర్లు రోజంతా రన్ చేసి, నోట్స్ ఎక్కడో ఎక్సెల్‌లో పెట్టుకుని, సాయంత్రం వెళ్లేముందు ఒకేసారి సెలెక్ట్ చేసి బల్క్‌లో పాస్ కొట్టేస్తారు. అందుకే దాన్ని అతన్ని అడిగి తెలుసుకోవాలి. మీకు నిజంగా రెండో అనుమానమే బలంగా ఉంటే మాత్రం, మెయిల్ కంటే ముందు హెచ్ఆర్‌తో మాట్లాడండి. ఇక్కడి నుంచి నేను రాసేదంతా, ఇది మొదటి సీరియస్ మాట, ఏ నిర్ణయమూ కాలేదు అన్న లెక్కతో.

అసలు ఇన్వైట్‌లో భయపెట్టేది ఏంటో చూద్దాం. మనవాళ్లు ఇన్వైట్‌ని చదవరండి, పోస్ట్‌మార్టం చేస్తారు. ఎవరెవరు ఉన్నారు, ఎన్ని నిమిషాలు, ఏ రోజు ఏ టైమ్, ఏ రూమ్, కింద డిస్క్రిప్షన్ ఎందుకు ఖాళీగా ఉంది, మామూలుగా చాట్‌లో "ఏరా ఖాళీనా" అనే మనిషి ఇవాళ మెయిల్ ఎందుకు పెట్టాడు. మీ ఫ్లోర్‌లో పోయిన నెల జరిగింది కాబట్టి వాళ్లకి ఒక నమూనా మనసులో పడిపోయింది, చిన్న టైటిల్, పదిహేను నిమిషాలు, సాయంత్రం, హెచ్ఆర్ పేరు. ఈ నాలుగింట్లో రెండు కలిసినా అతను ఆ రాత్రి రెజ్యూమె అప్‌డేట్ చేస్తాడు. కాబట్టి మీ మెయిల్ ఆ నమూనాకి ఎక్కడా దగ్గరగా ఉండకూడదు. పదాలు మెత్తగా పెట్టడం కంటే ఇది ముఖ్యం. "క్విక్" అన్న మాట మీ ఆఫీసులో ఇంకో ఏడాది దాకా ఎవరూ వాడకపోతే మంచిది.

ఇక రెండో వైపు తప్పు. భయపడతాడేమో అని "క్యాచప్" అని, "కాఫీ" అని టైటిల్ పెట్టేవాళ్లు చాలామంది. అతను నవ్వుతూ వస్తాడు, తలుపు వేశాక మీరు బగ్ లిస్ట్ తీస్తారు. ఆ రోజు అతనికి జరిగింది ఒకటైతే, ఆ తర్వాత మీరు టీమ్‌లో ఎవరిని కాఫీకి పిలిచినా వాళ్లకి గుండెదడే. ముందుగా తెలియనివాడు ప్రిపేర్ కూడా అవ్వడు కదా, ఏ కేసు ఎందుకు మిస్ అయిందో గుర్తు రాక తడబడతాడు, ఆ తడబాటుని మీరు తప్పు ఒప్పుకున్నట్టు తీసుకుంటారు. అక్కడితో సంభాషణ చెడిపోతుంది.

మరి ఏం రాయాలి అంటే, విషయం పేరు పెట్టండి, తీర్పు పెట్టకండి. ఏ పని గురించి, ఏ రిలీజ్ గురించి అన్నది స్పష్టంగా ఉండాలి. అది మంచా చెడా, ఎవరి తప్పు, దాని ఫలితం ఏంటి అన్నది మెయిల్‌లో ఉండకూడదు. "నీ పర్ఫార్మెన్స్ గురించి" అన్నప్పుడు అతను మొత్తం మనిషిగా తన గురించి అనుకుంటాడు, రేటింగ్, హైక్, ఉద్యోగం, ఈఎంఐ అన్నీ వరసగా గుర్తొస్తాయి. "పేమెంట్స్ మాడ్యూల్ రెండు రిలీజుల టెస్టింగ్ గురించి" అంటే భయం ఉండదని కాదు, ఉంటుంది, కానీ దానికి ఒక హద్దు ఉంటుంది, వెళ్లి ఆ టికెట్లు తెరిచి చూసుకోగలడు. ఖాళీ మెయిల్ వచ్చినవాడికి ఆ అవకాశం కూడా ఉండదు.

మీ ఆఫీసులో మెయిల్ ఇంగ్లీష్‌లోనే రాస్తారు కదా, నేను భావం తెలుగులో ఇస్తున్నా, మీ మాటల్లోకి మార్చుకోండి. ముందు పెట్టకూడనిది, ఒక పాత కంపెనీలో మా పక్క టీమ్‌లో ఒకమ్మాయికి దాదాపు ఇలాగే వచ్చింది, చూపించి మరీ ఏడ్చింది:

"సబ్జెక్ట్: డిస్కషన్. శుక్రవారం 5:30కి మీతో ఒక ముఖ్యమైన విషయం చర్చించాలి. తప్పకుండా హాజరు కాగలరు. ఇది కాన్ఫిడెన్షియల్. కంగారు పడాల్సిందేమీ లేదు."

ఇది బుధవారం పొద్దున వచ్చింది. అంటే రెండున్నర రోజులు ఆ అమ్మాయి దీన్ని మోసింది. చూడండి, "ముఖ్యమైన", "తప్పకుండా", "కాన్ఫిడెన్షియల్" మూడూ ఒకే వైపు లాగుతున్నాయి, చివర్లో "కంగారు పడకండి" అనేది వాటిని ఇంకా పెంచింది, ఎందుకంటే కంగారు పడక్కర్లేని విషయానికి ఎవరూ ఆ మాట రాయరు. ఇంతా చేస్తే అక్కడ విషయం షిఫ్ట్ మార్పు మీద ఒక ఫిర్యాదు, అంతే.

మీ టెస్టర్‌కి నేనైతే ఇలా రాస్తా:

"సబ్జెక్ట్: వన్ ఆన్ వన్, పేమెంట్స్ మాడ్యూల్ టెస్టింగ్, బుధవారం 11:30

హాయ్, గత రెండు రిలీజుల్లో పేమెంట్స్ మాడ్యూల్ టెస్టింగ్ గురించి నీతో కూర్చుని వివరంగా మాట్లాడాలి. మనవైపు పాస్ అయిన కొన్ని కేసుల్లో తర్వాత క్లయింట్ దగ్గర బగ్స్ వచ్చాయి. అక్కడ ఏం జరిగిందో ముందు నీ నుంచి వినాలి, తర్వాత వచ్చే రిలీజ్‌కి ఏం మార్చుకోవాలో ఇద్దరం అనుకుందాం.

రేపు బుధవారం 11:30 నుంచి 12:15, మన ఫ్లోర్‌లోనే చిన్న రూమ్. మనిద్దరమే ఉంటాం. ఆ టైమ్ కుదరకపోతే 3 గంటలకు నాకు ఖాళీ ఉంది, చెప్పు.

ప్రెజెంటేషన్ లాంటిదేం వద్దు. ఆ రెండు రిలీజుల టికెట్లు ఒకసారి తిరగేసి వస్తే చాలు. ఈలోపు ఏమైనా అడగాలనిపిస్తే నాకు కాల్ చెయ్."

ఇందులో ఏ లైన్ ఎందుకు ఉందో చెప్తా, ఎందుకంటే మీరు మార్చి రాసేటప్పుడు పనికొచ్చేదాన్నే తీసేస్తారేమో అని నా భయం.

సబ్జెక్ట్‌లో మాడ్యూల్ పేరు, రోజు, టైమ్ ఎందుకంటే అతను ఈ మెయిల్‌ని ముందు చూసేది ఫోన్ లాక్ స్క్రీన్ మీద, బహుశా మెట్రోలోనో లంచ్ క్యూలోనో. అక్కడ మీ పేరు, సబ్జెక్ట్, మొదటి లైనులో ముక్క, అంతే కనపడతాయి. ఆ ముక్కలోనే విషయం తెలిసిపోవాలి. అందుకే "ఆశిస్తున్నాను నువ్వు బాగున్నావని" లాంటి పలకరింపులు పెట్టి మొదటి లైన్ వృథా చెయ్యకండి. మీరు మామూలుగా అలా రాయని మనిషైతే అదే అనుమానం పుట్టిస్తుంది.

"పాస్ అయిన కొన్ని కేసుల్లో బగ్స్ వచ్చాయి" అన్నది జరిగిన సంగతి, అతనికీ తెలుసు, క్లయింట్ టికెట్లలో ఉంది. "నువ్వు సరిగా టెస్ట్ చెయ్యలేదు" అన్నది నింద. రెండూ ఒకే విషయం అనిపించినా మెయిల్‌లో తేడా ఉంది, ఎందుకంటే మెయిల్ ఫార్వర్డ్ అవుతుంది, స్క్రీన్‌షాట్ అవుతుంది, రేపు ఎవరైనా "విచారించక ముందే లీడ్ తేల్చేశాడు" అని చూపించచ్చు. ఏ తెల్ల కాగితం మీద అతని వాదన లేకుండా మీ వాదన ఒక్కటే ఉందో అది మీకే నష్టం. ఇంకా ఒక ఉపాయం, బగ్ నంబర్ల లిస్ట్ మెయిల్‌కి తగిలించకండి. టికెట్లు చూసుకుని రమ్మంటే చాలు. లిస్ట్ పంపితే అతను రాత్రంతా కూర్చుని ఒక్కోదానికి జవాబు రాసుకొస్తాడు, మీటింగ్ కాస్తా కోర్టు వాయిదా అయిపోతుంది.

"మనిద్దరమే" అన్న ఒక్క మాట మీ ఫ్లోర్‌లో ఇప్పుడున్న పరిస్థితికి మిగతా మెయిల్ మొత్తం కంటే ఎక్కువ పని చేస్తుంది. హెచ్ఆర్ ఉంటుందా లేదా అన్నదే అతని మొదటి ప్రశ్న, అడగలేడు కాబట్టి మీరే చెప్పాలి. కానీ రాసినాక అది నిజంగా ఉండాలి. మీ మేనేజర్ "నేనూ ఐదు నిమిషాలు వచ్చి వెళ్తా" అంటే వద్దనండి, లేదా మెయిల్‌లోనే ఆయన పేరు రాయండి. కొందరు అవుట్‌లుక్‌లో రిసోర్సెస్ బాక్స్‌లో మనిషి పేరు పెట్టి మిగతావాళ్లకి కనపడకుండా కలిపే చిట్కా వాడతారు, అది ఇక్కడ అస్సలు వాడకండి. మేనేజర్‌ని Optional లో పెట్టినా అతనికి కనపడుతుంది, "ఆప్షనల్‌గా పెద్దాయన ఎందుకు" అన్నది ఇంకో రాత్రి నిద్ర పట్టకపోవడానికి చాలు.

నలభై ఐదు నిమిషాలు ఎందుకంటే పదిహేను నిమిషాలంటే మాట్లాడటానికి కాదు చెప్పేసి పంపడానికి అని అర్థం అవుతుంది, గంటన్నర అంటే విచారణ. అతను ఏం జరిగిందో చెప్పి, మీరు ప్రశ్నలడిగి, ముందుకి ఏం చెయ్యాలో రెండు మూడు పనులు రాసుకోడానికి ముప్పావుగంట సరిపోతుంది. రెండో టైమ్ ఇవ్వడం కూడా మర్యాద కోసం కాదు, అతని చేతిలో ఏదో ఒకటి ఉంటే మనిషి కాస్త నిలబడతాడు. 12:15కి అయిపోతే లంచ్‌కి వెళ్లి ఊపిరి పీల్చుకుంటాడు కూడా. సాయంత్రం ఆరింటికి పెడితే అదే మొహంతో ఇంటికెళ్తాడు, లేదా క్యాబ్‌లో పక్కన కూర్చున్నవాళ్లకి జవాబు చెప్పుకోవాలి.

పైన అసలు ఏం లేదో కూడా చూడండి. "కంగారు పడకు" లేదు. "నువ్వు టీమ్‌కి చాలా ముఖ్యం" లేదు, అలాంటి పొగడ్త ఎప్పుడూ ఇవ్వని లీడ్ ఆ రోజే ఇస్తే వీడ్కోలు సభలా వినపడుతుంది. సీసీలో ఎవరూ లేరు. రికార్డ్ కావాలన్న మీ మేనేజర్‌కి మీరు పంపిన మెయిల్ మీ సెంట్ ఫోల్డర్‌లో ఉంటుంది, కావాలంటే తర్వాత చూపించండి, అతని కళ్ల ముందు సీసీ పెట్టాల్సిన పని లేదు.

ఇప్పుడు టైమింగ్. మెయిల్‌కి మీటింగ్‌కి మధ్య గ్యాప్ ఎంత అన్నది చాలామంది ఆలోచించరు, నా దృష్టిలో మాటల కంటే అదే ఎక్కువ బాధపెడుతుంది. టికెట్లు చూసుకోడానికి టైమ్ ఉండాలి, ఊహించుకోడానికి టైమ్ ఉండకూడదు. పొద్దున పంపి అదే రోజు మధ్యాహ్నం, లేదా మధ్యాహ్నం పంపి మర్నాడు పొద్దున, అంతకంటే పెంచద్దు. సోమవారం మధ్యాహ్నం నుంచి గురువారం మధ్యలో పెట్టుకోండి. శుక్రవారం పంపి సోమవారం కూర్చోబెట్టడం కంటే, సోమవారం పంపి మంగళవారం కూర్చోబెట్టడం నయం, మీ పని ఒక రోజు ఆలస్యమైనా కొంపలేం మునగవు. పండక్కి ఊరెళ్లే ముందు రోజు అస్సలు వద్దు, సంక్రాంతికి బస్సెక్కినవాడు ఊళ్లో అందరి ముందూ ఇదే తలకాయలో పెట్టుకుని తిరుగుతాడు. మీరు రాత్రి పదకొండింటికి రాసుకున్నా సరే Schedule send లో పెట్టి అతని షిఫ్ట్ మొదలయ్యే టైమ్‌కి వెళ్లేలా చూడండి. షిఫ్ట్ అని ఎందుకంటున్నానంటే మన దగ్గర సగం టీములు యూఎస్ ఓవర్‌లాప్ కోసం మధ్యాహ్నం రెండింటికి వస్తాయి, వాళ్లకి "పొద్దున 10కి" వచ్చిన మెయిల్ నిద్రలో వచ్చినట్టే. పంపే ముందు అతని క్యాలెండర్ కూడా చూడండి, ఆ రాత్రి రిలీజ్ ఉంటే ఆ రోజు వదిలెయ్యండి, ఇదే తలలో పెట్టుకుని టెస్ట్ చేస్తే ఇంకో బగ్ వెళ్తుంది. అలాగే రేటింగ్ లెటర్స్ వచ్చే వారాలైతే మీరు ఏం రాసినా రేటింగ్ అనే చదువుతారు, ఆ వారం తప్పించలేకపోతే మెయిల్‌లో "ఇది అప్రైజల్ మీటింగ్ కాదు" అని ఒక లైన్ పెట్టండి, నిజంగా కాకపోతేనే.

మీకు అతనితో ఇప్పటికే ప్రతివారం వన్ ఆన్ వన్ ఉంటే కొత్త ఇన్వైట్ అసలు అవసరమే లేదు. ఆ పాత స్లాట్‌లోనే కూర్చోండి, ముందు రోజు పై మెయిల్‌లో టైమ్ లైన్ మార్చి "రేపటి మన వన్ ఆన్ వన్‌లో ఈ విషయం తీసుకుందాం" అని పంపండి. అలవాటైన టైమ్, అలవాటైన రూమ్, విషయం మాత్రం ముందే తెలుసు. ఇదే అన్నిటికంటే మంచి దారి. అలాంటి వన్ ఆన్ వన్ లేకపోతే, ఇతన్ని కవర్ చెయ్యడానికి అందరికీ హడావిడిగా పెట్టేసి ఇతన్ని మధ్యలో దూర్చడం కొందరు సలహా ఇస్తారు. నాకు నచ్చదు. అందరికీ మొదలుపెట్టండి, మంచిదే, కానీ వచ్చే నెల నుంచి. దీన్ని దీనిలాగే చెయ్యండి.

మెయిల్ వేరు, క్యాలెండర్ ఇన్వైట్ వేరు అని కూడా గుర్తుపెట్టుకోండి. చాలా టీముల్లో ఒకరి క్యాలెండర్ ఒకరికి టైటిల్స్‌తో సహా కనపడేలా షేర్ అయి ఉంటుంది, స్టాండప్ టైమ్ వెతకడానికి తెరిచిన పక్కవాడు "పేమెంట్స్ బగ్స్ డిస్కషన్" అని చదివేస్తాడు. వివరం మెయిల్‌లో ఉంచి, ఇన్వైట్ టైటిల్ "వన్ ఆన్ వన్" అని మాత్రం పెట్టి, Private చెయ్యండి, అప్పుడు మామూలు యాక్సెస్ ఉన్నవాళ్లకి బిజీ అని గానీ ప్రైవేట్ అని గానీ మాత్రమే కనపడుతుంది. పూర్తి ఎడిట్ యాక్సెస్ ఇచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. ముందు మెయిల్ పంపి, అదే నిమిషంలో ఇన్వైట్ పంపండి, తిరగేసి పంపితే ఖాళీ ఇన్వైట్ ముందు మోగుతుంది, మొత్తం శ్రమ వృథా. రూమ్ మీరు మామూలుగా వాడేదే తీసుకోండి. ఎప్పుడూ వెళ్లని హెచ్ఆర్ ఫ్లోర్‌లో రూమ్ ఖాళీగా ఉంది కదా అని బుక్ చేస్తే, మెయిల్ ఎంత బాగా రాసినా ఆ రూమ్ నంబరే చాలు. మీ టీమ్ కూర్చునే చోటుకి ఎదురుగా గాజు గది అయితే అతన్ని అద్దానికి వీపు పెట్టి కూర్చోబెట్టండి. అతను ఆ రోజు వర్క్ ఫ్రమ్ హోమ్ అయితే వీడియో కాల్ పెట్టుకోండి, దీనికోసమే ఆఫీసుకి రమ్మనడం ఇంకో సంకేతం.

ఇంత చేసినా పంపిన పది నిమిషాల్లో మీకు చాట్ వస్తుంది, "అన్నా ఏమైనా సీరియస్సా?" అని. దాన్ని చదివి వదిలెయ్యకండి, ఆ టిక్ మార్క్ చూసి అతను ఏం ఊహించుకుంటాడో మీకు తెలీదు. మీటింగ్‌లో ఉన్నా సరే రెండు లైన్లు కొట్టండి, "ఆ రెండు రిలీజుల విషయమే, వివరంగా మాట్లాడాలి, మెయిల్‌లో రాసింది తప్ప వేరే ఏం లేదు" అని. మీ మేనేజర్‌ని అడిగి ఏ నిర్ణయమూ లేదని నిర్ధారణ చేసుకున్నారు కాబట్టి ఈ మాట మీరు అనగలరు, లేకపోతే అనలేరు. "ఏం కాదురా లైట్ తీస్కో" అనకండి, రేపు మీరు లైట్ తీసుకోబోవట్లేదు కదా. అతను చాట్‌లోనే మొదలుపెట్టేస్తాడు కొన్నిసార్లు, ఆ కేసు డేటా లేదు, ఈ కేసు డెవలపర్ చివర్లో మార్చాడు అని పెద్ద పెద్ద మెసేజ్‌లు. వాదనకి దిగకండి, "ఇవే నాకు వినాలి, రేపు వీటితోనే మొదలుపెడదాం" అనండి. నిజానికి అందులో సగం మీకు పనికొస్తాయి. బిల్డ్ సాయంత్రం ఏడింటికి ఇచ్చి రాత్రికి సైనాఫ్ అడిగారని తేలితే ఇది అతనొక్కడి విషయం కాకుండా పోతుంది.

"హాయ్, ఓకే" అని మాత్రం జవాబిచ్చి రోజంతా మౌనంగా ఉన్నవాడి గురించి ఎక్కువ ఆలోచించండి. సాయంత్రం వెళ్లేముందు అతని సీటు దగ్గర ఆగి మామూలు పని మాట ఒకటి మాట్లాడండి, ఆ విషయం ఎత్తద్దు. మీరు మొహం తప్పించి తిరుగుతుంటే, మెయిల్‌లో రాసిన ప్రతి మాటా అబద్ధమనే అనుకుంటాడు.

అనుకోకుండా వాయిదా వెయ్యాల్సి వస్తే, క్లయింట్ కాల్ పడింది అనుకోండి, ఇన్వైట్ క్యాన్సిల్ కొట్టి వదిలెయ్యద్దు. కొత్త టైమ్ అదే మెసేజ్‌లో ఉండాలి, కారణం ఒక ముక్కలో ఉండాలి, వీలైతే అదే రోజు ఉండాలి. క్యాన్సిల్ అయి కొత్తది రాని మీటింగ్ కంటే భయంకరమైనది లేదు, పైన ఏదో నడుస్తోందని అనుకుంటారు. రెండోసారి వాయిదా పడే పరిస్థితి అయితే మీ వేరే మీటింగ్ వదులుకోండి.

ఇక మీరు మేనేజర్‌ని అడిగినప్పుడు "పిఐపీ రెడీ, హెచ్ఆర్ కూర్చుంటారు" అన్నారనుకోండి, అప్పుడు పై డ్రాఫ్ట్ చెత్తబుట్టలో వెయ్యండి. అక్కడ భయం తగ్గించే ప్రయత్నమే మోసం అవుతుంది. ముందు మీరే స్వయంగా చెప్పండి లేదా కాల్ చెయ్యండి, "మధ్యాహ్నం ఫార్మల్ మీటింగ్ ఉంది, హెచ్ఆర్ నుంచి ఫలానా ఆవిడ ఉంటారు, గత రెండు రిలీజుల మీద" అని, ఆ వెంటనే హెచ్ఆర్ ఇచ్చిన ఫార్మాట్‌లోనే ఇన్వైట్ వెళ్లాలి, మీ సొంత మెత్తని మాటలు కలపకండి. ఉద్యోగి బయటి దేశంలో ఉంటే ఇంకా జాగ్రత్త. యూకేలో ఫార్మల్ డిసిప్లినరీ మీటింగ్‌కి తోటి ఉద్యోగినో యూనియన్ ప్రతినిధినో తోడు తెచ్చుకునే హక్కు 1999 చట్టంలోనే ఉంది, అది ఇన్వైట్‌లో చెప్పడం అక్కడి పద్ధతి. యూఎస్‌లో హెచ్1బీ మీద ఉన్న మనవాడైతే, ఉద్యోగం పోతే ఇంకో దారి చూసుకోడానికి ఉండేది గరిష్ఠంగా 60 రోజులు, ఆ లెక్క అందరికీ కంఠతా వచ్చు, కాబట్టి ఉద్యోగానికి సంబంధం లేని మీటింగ్ అయితే ఆ మాట మెయిల్‌లోనే స్పష్టంగా రాయడం అతనికి మీరు చేసే పెద్ద సాయం.

మీటింగ్ అయ్యాక అదే రోజు, అదే మెయిల్ కింద రిప్లై పెట్టండి, కొత్త థ్రెడ్ వద్దు. అతను చెప్పిన కారణాలు అతని మాటల్లో రెండు లైన్లు, మీరిద్దరూ ఒప్పుకున్న పనులు, మళ్లీ ఏ తేదీన చూసుకుంటారు, అంతే. ఉదాహరణకి వచ్చే రిలీజ్‌లో పేమెంట్స్ కేసులు బల్క్‌లో కాకుండా రన్ అయిన వెంటనే మార్క్ చెయ్యడం, స్క్రీన్‌షాట్ తగిలించడం, బిల్డ్ సైనాఫ్‌కి ఒక రోజు ముందు టెస్టింగ్‌కి ఇచ్చేలా డెవలపర్లతో మీరు మాట్లాడటం. మీ పని కూడా ఆ లిస్ట్‌లో ఉండాలి. చివర్లో "నేను ఏదైనా తప్పుగా రాస్తే సరిదిద్ది రిప్లై ఇవ్వు" అని పెట్టండి. మీ మేనేజర్ అడిగిన రికార్డ్ ఇదే, దీన్ని ఆయనకి చూపిస్తానని మీటింగ్ చివర్లోనే అతనికి చెప్పి అప్పుడు ఫార్వర్డ్ చెయ్యండి.